తట్టుకు రెండు సూదులు ఎందుకు? – ఎర్ర గుడ్డలు కట్టిన దీవి చెప్పే లెక్క



కిందటి నెలలో పి.హెచ్.సి. నుంచి నర్సమ్మ గారు మన హాస్టల్‌కి వచ్చి అందరి టీకా కార్డులు అడిగారు. కొంతమంది చూపించారు. కొంతమంది "ఇంటి దగ్గరుంది మేడం" అన్నారు. కొంతమంది ఏమీ అనలేదు. అప్పుడు మా వరసలో ఒకడు లేచి, "మేడం, నాకు చిన్నప్పుడే తట్టు సూది ఒకటి వేశారంట. మా అమ్మ చెప్పింది. మళ్ళీ ఇంకోటి ఎందుకు?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ ఆవిడ ఆ రోజు చీకటి పడక ముందే ఇంకా రెండు గూడేలకి వెళ్ళాలి. "ఒకటి చాలదురా బాబూ" అని మాత్రం చెప్పి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఒకటి ఎందుకు చాలదో లెక్క కట్టి చూపించడానికే ఈ వ్యాసం. లెక్క అనగానే భయపడకండి. శాతాలు, కూడికలు వస్తే చాలు. లెక్క అయ్యాక సమోవా అనే ఒక దీవుల దేశంలో 2019లో ఏం జరిగిందో చూద్దాం. అప్పుడు ఆ లెక్కలోని అంకెలు ఉత్త అంకెలు కావని మీకే అర్థమవుతుంది.

తట్టును గుర్తు పట్టడం

మన ఊళ్ళలో ఒంటి మీద ఏం లేచినా "అమ్మవారు పోసింది" అంటారు. కానీ అన్నీ ఒకటి కావు. లోపల నీరుండే పొక్కులు వస్తే అది ఆటలమ్మ. తట్టులో నీరు ఉండదు. ఎర్రగా సన్నటి దద్దురులాగ వస్తుంది. ముందు చెవుల వెనక, ముఖం మీద కనబడి, తర్వాత ఛాతీకి, చేతులకి, చివరకి కాళ్ళకి దిగుతుంది.

దద్దురు రావడానికి రెండు మూడు రోజుల ముందే గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడి నీరు కారడం మొదలవుతాయి. అప్పుడు నోరు తెరిపించి బుగ్గల లోపల చూస్తే ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు ఒక్కోసారి కనబడతాయి. ఆ చుక్కలు కనబడితే డాక్టర్లు తట్టు అని దాదాపుగా గుర్తు పట్టేస్తారు.

ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. రోగి దగ్గినా, తుమ్మినా వైరస్ గాలిలోకి వస్తుంది. అతను గదిలోంచి వెళ్ళిపోయిన తర్వాత కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో ఉండగలదు. అంటే రోగిని ముట్టుకోకపోయినా, అసలు చూడకపోయినా కూడా అంటుకుంటుంది.

ఇంకో మోసం ఉంది. దద్దురు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే రోగి దగ్గర నుంచి వైరస్ ఇతరులకు అంటుతుంది. అప్పటికి చూసేవాళ్ళకి అది మామూలు పడిశంలాగే ఉంటుంది. దద్దురు వచ్చాక ఇంకో నాలుగు రోజులు అంటుతుంది. అందుకే దద్దురు చూసి జాగ్రత్త పడదాం అనుకుంటే అప్పటికే ఆలస్యం అయిపోతుంది.

చాలా మందికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కానీ చిన్న పిల్లల్లో, బక్కచిక్కిన పిల్లల్లో ఇది ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియా అవుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. చెవిలో చీము కారుతుంది. ఎ విటమిన్ తక్కువగా ఉన్న బిడ్డకు కళ్ళు కూడా పోవచ్చు. అరుదుగా మెదడుకు వాపు వస్తుంది. తట్టు పోయే పిల్లల్లో ఎక్కువ మంది పోయేది న్యుమోనియా వల్లే. ఇంకొకటి, పాత జబ్బులతో పోరాడి మన ఒళ్ళు నేర్చుకున్న జ్ఞాపకాన్ని తట్టు కొంత తుడిచేస్తుంది. అందుకని తట్టు తగ్గిన బిడ్డకు ఆ తర్వాత చాలా నెలల పాటు వేరే జబ్బులు సులువుగా వస్తాయి. "తట్టు తగ్గిందిగానీ పిల్లవాడు కోలుకోలేదు" అని మన పెద్దవాళ్ళు అనే మాటలో నిజం ఇదే.

నూటికి 95 అనే అంకె ఎక్కడిది?

తట్టు వచ్చిన ఒక మనిషి, ఎవరికీ రక్షణ లేని చోటికి వెళితే దాన్ని 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. మనకు తెలిసిన జబ్బుల్లో ఇంతగా అంటుకునేవి చాలా తక్కువ. లెక్క సులువుగా ఉండడానికి మధ్యలో 15 అని తీసుకుందాం.

మన డార్మిటరీలో ఒకడికి తట్టు వచ్చిందనుకోండి. వాడి వైరస్ 15 మందికి చేరుతుంది. ఎవరికీ టీకా లేకపోతే రెండు వారాల్లో 15 మంది పడతారు. ఆ 15 మంది తలా 15 మందికి అంటిస్తే 225. అంతే, మూడో విడతకు హాస్టల్లో మిగిలేవాడు ఉండడు.

ఇప్పుడు ఆ 15 మందిలో 10 మందికి రక్షణ ఉందనుకోండి. అప్పుడు ఐదుగురు పడతారు. తర్వాత 25 మంది. జబ్బు కొంచెం నెమ్మదిగా అయినా పెరుగుతూనే ఉంది. 15 మందిలో 14 మందికి రక్షణ ఉంటే? ఒక్కడే పడతాడు. వాడి నుంచి ఇంకొక్కడు. జబ్బు పెరగదు, తగ్గదు. అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ మందికి రక్షణ ఉంటే చాలు, గొలుసు తెగిపోతుంది.

15లో 14 అంటే నూటికి 93 కొంచెం పైన. 18 మందికి అంటే చోట 18లో 17, అంటే నూటికి 94 పైన. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నూటికి 95 మందికి రెండు మోతాదులూ పడాలని చెబుతుంది. ఆ అంకె ఎవరో గుండ్రంగా ఉందని పెట్టింది కాదు. తట్టు అంటుకునే వేగంలోంచి వచ్చింది. ఇంత వేగంగా అంటుకోని జబ్బుకు ఇంత ఎక్కువ శాతం అక్కర్లేదు. తట్టుకు మాత్రం నూటికి 80 అంటే ఫస్ట్ క్లాసు కాదు, ఫెయిలే.

ఒక సూదితో ఎందుకు కుదరదు?

మన దేశంలో తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి ఎం.ఆర్. టీకా వేస్తారు. మొదటిది తొమ్మిది నెలలు నిండాక, సంవత్సరం లోపు. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. కుడి భుజం మీద వేస్తారు.

తొమ్మిది నెలలప్పుడు వేసిన మొదటి సూది నూటికి 85 మందిలో పని చేస్తుంది. మిగతా 15 మందిలో పని చేయదు. ఎందుకంటే తల్లి కడుపులో ఉండగా తల్లి నుంచి బిడ్డకు కొంత రక్షణ వస్తుంది. అది పుట్టిన తర్వాత కొన్ని నెలలు బిడ్డ రక్తంలో మిగిలి ఉంటుంది. టీకాలో ఉన్నది బలహీనపరిచిన వైరస్. తల్లి ఇచ్చిన రక్షణ ఇంకా మిగిలి ఉంటే, అది ఈ బలహీన వైరస్‌ను కూడా శత్రువే అనుకుని చంపేస్తుంది. బిడ్డ ఒళ్ళు పాఠం నేర్చుకునే లోపలే మాస్టారిని బయటికి పంపేసినట్టు!

మరి సంవత్సరం దాటాకే వేయొచ్చు కదా? వేస్తే ఇంకా బాగా పని చేస్తుంది, నిజమే. కానీ ఈ లోపల తల్లి రక్షణ అరిగిపోయి బిడ్డకు తట్టు వస్తే, అంత చిన్న వయసులో అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని జబ్బు తిరుగుతున్న దేశాల్లో తొమ్మిది నెలలకే వేసి, తప్పిపోయినవాళ్ళను రెండో సూదితో పట్టుకుంటారు.

ఇప్పుడు చూడండి. ఒక్క బిడ్డను కూడా వదలకుండా నూటికి నూరు మందికి మొదటి సూది వేసినా రక్షణ వచ్చేది 85 మందికే. మనకు కావలసింది 94. అంటే ఒక్క సూదితో ఎంత కష్టపడినా గొలుసు తెగదు. రెండు సూదులు పడితే నూటికి 97 మందికి రక్షణ వస్తుంది. అది చాలా ఏళ్ళు, ఎక్కువ మందికి జీవితమంతా, నిలుస్తుంది.

కాబట్టి రెండో సూది అంటే మొదటిదానికి పదును పెట్టడం కాదు. మొదటిసారి క్లాసులో ఉన్నా పాఠం ఎక్కనివాళ్ళకు మళ్ళీ చెప్పడం. ఎవరికి ఎక్కిందో ఎవరికి ఎక్కలేదో పైకి చూస్తే తెలియదు. అందుకని అందరికీ వేస్తారు. ఎక్కినవాడికి రెండోది పడినా నష్టం లేదు. మా వరసలో లేచి అడిగినవాడికి ఇదే జవాబు. నువ్వు 85లో ఉన్నావా, 15లో ఉన్నావా నీకూ తెలియదు, నర్సమ్మ గారికీ తెలియదు.

ఎండుటాకుల లెక్క

అడవిలో ఆకు రోజూ రాలుతుంది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాదు. ఏళ్ళ తరబడి ఎండుటాకు పేరుకున్నాక ఒక్క బీడీ ముక్క చాలు. తట్టు కూడా అంతే. ఎలా పేరుకుంటుందో ఒక ఊహా లెక్క వేద్దాం.

ఏటా 100 మంది పుట్టే ఒక ఏరియా అనుకోండి. 80 మందికి మొదటి సూది పడింది. వాళ్ళలో 60 మందికే రెండోది పడింది. "నూటికి 80" అని రిజిస్టర్లో చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటుంది.

అసలు సూది పడనివాళ్ళు 20 మంది.
మొదటి సూది పడిన 80 మందిలో పని చేయనివాళ్ళు, నూటికి 15 లెక్కన, 12 మంది.
రెండో సూది పడిన 60 మందిలో ఈ రకం వాళ్ళు 9 మంది ఉంటారు. రెండో సూది వల్ల వాళ్ళలో సుమారు 8 మంది బయటపడతారు.
అంటే 12లో 8 పోగా మిగిలినవాళ్ళు 4.
మొత్తం రక్షణ లేనివాళ్ళు 20 + 4 = 24 మంది.

ఇది ఒక్క ఏడాది పుట్టినవాళ్ళ లెక్క. రెండో ఏడాది ఇంకో 24 మంది చేరతారు, మొత్తం 48. మూడో ఏడు 72. నాలుగో ఏడు 96. ఈ నాలుగేళ్ళలో ఆ ఊళ్ళకు తట్టు రాకపోవచ్చు. "మా దగ్గర తట్టు లేదు" అని అందరూ ధైర్యంగా ఉంటారు. కానీ నాలుగో ఏడు ముగిసేసరికి దాదాపు ఒక ఏడాది పుట్టినంతమంది పిల్లలు రక్షణ లేకుండా ఉన్నారు. ఆరోగ్యశాఖలో ఈ పని చేసేవాళ్ళు చూసే గుర్తు ఇదే. రక్షణ లేని పిల్లల సంఖ్య ఒక ఏడాది పుట్టుకల సంఖ్యకు దగ్గర పడుతోందంటే, తట్టు రాక ముందే ప్రత్యేకంగా ఇంటింటికీ తిరిగి టీకా వేయాలి. వచ్చేదాకా ఆగకూడదు.

ఇంకొక్కటి. శాతం అనేది సగటు. 300 మంది హాస్టల్లో నూటికి 95 అంటే 285 మందికి రక్షణ ఉంది, 15 మందికి లేదు. ఆ 15 మంది పది గదుల్లో చెదిరి ఉంటే గొలుసు తెగుతుంది. 15 మందీ ఒకే దూరపు గూడెం నుంచి వచ్చి, ఒకే గదిలో పడుకుంటుంటే ఆ గదిలో 95 శాతం అనే మాటకు అర్థం లేదు. అక్కడ రక్షణ సున్నా. మండలం మొత్తం లెక్క బాగున్నా కొండ మీది ఒక్క గూడెంలో తట్టు వచ్చేది ఇందుకే.

సమోవా దీవులు, 2019

ఇప్పుడు లెక్కను వదిలి నిజంగా జరిగింది చూద్దాం. సమోవా పసిఫిక్ సముద్రంలో ఉన్న చిన్న దేశం. జనాభా సుమారు 2 లక్షలు. మన ఒక్క పెద్ద పట్టణమంత ఉండదు.

అక్కడ పిల్లల టీకాలు అంతకు ముందే కొంత వెనకబడి ఉన్నాయి. 2018 జులైలో ఒక ఘోరం జరిగింది. తట్టు టీకా సీసాలో పొడిగా ఉంటుంది. దానికోసమే ఇచ్చిన నీటి మందుతో కలిపి వేయాలి. ఒక ఆసుపత్రిలో నర్సులు ఆ నీటి మందుకు బదులు, పొరపాటున, ఆపరేషన్లలో కండరాలను సడలించడానికి వాడే మందు కలిపారు. ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. తప్పు టీకాది కాదు, కలిపిన మందుది. విచారణలో అది తేలింది, నర్సులకు జైలు శిక్ష పడింది. కానీ ఆ లోపల టీకా కార్యక్రమం నెలల తరబడి ఆగిపోయింది. మళ్ళీ మొదలైనా తల్లులు భయపడి బిడ్డలను తేలేదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి కథ విన్న తల్లి భయపడిందంటే ఆమెను తప్పు పట్టలేం. 2018లో అక్కడ మొదటి మోతాదు పడిన పసివాళ్ళు నూటికి సుమారు 31 మందే.

మన ఎండుటాకుల లెక్క గుర్తు తెచ్చుకోండి. మన ఊహా లెక్కలో నూటికి 80 అనుకున్నాం. ఇక్కడ 31. నాలుగేళ్ళు పట్టేది ఒకటి రెండేళ్ళలోనే పేరుకుపోయింది.

2019లో న్యూజిలాండులో తట్టు తిరుగుతోంది. సమోవా వాళ్ళ బంధువులు చాలా మంది అక్కడే ఉంటారు, విమానాల్లో రాకపోకలు ఎక్కువ. అలా జబ్బు దీవికి చేరింది. అక్టోబరులో తట్టు వ్యాపిస్తోందని ప్రభుత్వం ప్రకటించింది. నవంబరు 15న అత్యవసర పరిస్థితి పెట్టారు. బడులు మూసేశారు. పిల్లలను జనం గుమిగూడే చోటికి తేవద్దన్నారు. టీకా తప్పనిసరి చేశారు.

డిసెంబరు 5, 6 తేదీల్లో దేశం మొత్తం ఆగిపోయింది. బండ్లు తిరగలేదు, ఆఫీసులు తెరవలేదు. ప్రభుత్వ ఉద్యోగులు కూడా టీకా పనిలోకి దిగారు. ప్రజలకు ఒకటే చెప్పారు: మీ ఇంట్లో టీకా పడని మనిషి ఉంటే ఇంటి ముందు ఎర్ర గుడ్డ కట్టండి, మేమే వస్తాం. టీకా జట్లు దారి వెంట వెళుతూ ఎర్ర గుడ్డ కనబడిన ప్రతి ఇంటి ముందూ ఆగాయి. డిసెంబరు చివరికి నూటికి 95 దగ్గరకు వచ్చారు. అత్యవసర పరిస్థితి ఎత్తేశారు.

కానీ అప్పటికి 5,700 మందికి పైగా తట్టు వచ్చింది. 83 మంది చనిపోయారు. అందులో ఎక్కువ మంది ఐదేళ్ళ లోపు పిల్లలు. టీకాలు ఆగిన కాలంలో, జనం భయపడిన కాలంలో సూది తప్పిపోయిన పిల్లలు. 95 అనే అంకె రెండు నెలల ముందే ఉండి ఉంటే ఆ ఎర్ర గుడ్డలు కట్టాల్సిన పని ఉండేది కాదు.

పక్కనే టోంగా అనే ఇంకో దీవుల దేశం ఉంది. అదే 2019లో, అదే న్యూజిలాండు నుంచి అక్కడికీ తట్టు వచ్చింది. ఆటల కోసం వెళ్ళి వచ్చిన బడి పిల్లల జట్టుతో వచ్చింది. 600 మందికి పైగా జబ్బు పడ్డారు. కానీ ఒక్కరు కూడా చనిపోలేదు. ఎందుకు? టోంగాలో పసిబిడ్డల టీకాలు ఏళ్ళ తరబడి సరిగ్గా జరిగాయి. కాబట్టి జబ్బు పడినవాళ్ళలో ఎక్కువ మంది మన వయసు పిల్లలు, పసివాళ్ళు కాదు. మన వయసువాళ్ళు తట్టును తట్టుకోగలరు. కానీ చూడండి, అక్కడా ఒక గండి ఉంది. ఎప్పుడో చిన్నప్పుడు సూది తప్పిపోయినవాళ్ళు పెద్దవాళ్ళై హైస్కూళ్ళలో ఒకచోట చేరారు. సూది తప్పిన బిడ్డ పెరిగితే గండి పూడిపోదు. అది బిడ్డతో పాటే బడికి, హాస్టల్‌కి వస్తుంది.

జబ్బు వచ్చాక చేసే పని

తట్టు ఒక చోట కనబడితే ఆరోగ్యశాఖ వాళ్ళు ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ఒక ఉదాహరణతో చెప్పుకుందాం. ఒక హాస్టల్లో ఒక అబ్బాయికి నవంబరు 20న దద్దురు కనబడిందనుకోండి.

మొదట తేదీల లెక్క. వైరస్ ఒంట్లోకి చేరినప్పటి నుంచి దద్దురు కనబడే దాకా సుమారు 14 రోజులు పడుతుంది. అంటే వాడికి నవంబరు 6 ప్రాంతంలో అంటింది. అప్పుడు వాడు ఎక్కడున్నాడు? ఇంటికి వెళ్ళాడా, సంతకు వెళ్ళాడా? ఆ ఊళ్ళో కూడా తట్టు ఉండి ఉంటుంది, అక్కడికి మనిషిని పంపాలి. ఇక వాడు ఇతరులకు అంటించే కాలం దద్దురుకు నాలుగు రోజుల ముందు, నాలుగు రోజుల తర్వాత. అంటే నవంబరు 16 నుంచి 24 దాకా. వాళ్ళకు దద్దురు కనబడేది అక్కడి నుంచి 14 రోజులకు, నవంబరు 30 నుంచి డిసెంబరు 8 మధ్య. 25 నుంచి 29 దాకా కొత్త కేసు రాలేదని "పోయింది" అనుకుంటే మోసపోతాం. అది రెండు విడతల మధ్య ఖాళీ మాత్రమే.

అందుకే నర్సమ్మ గారు కాగితం మీద ప్రతి రోగి పేరు, వయసు, ఊరు, దద్దురు వచ్చిన తేదీ, ఎన్ని సూదులు పడ్డాయి, ఎక్కడికి వెళ్ళి వచ్చారు అని రాసుకుంటారు. మనం తేదీ తప్పు చెబితే లెక్క మొత్తం తప్పుతుంది. కొద్దిమంది దగ్గర రక్తం తీసి ల్యాబుకు పంపుతారు. అది తట్టేనా, రుబెల్లానా, వేరేదా అని తేలడానికి.

తర్వాత రోగిని విడిగా ఉంచడం. దద్దురు వచ్చిన రోజు నుంచి నాలుగు రోజులు పూర్తయ్యే దాకా వేరే గదిలో, కిటికీలు తెరిచి ఉంచాలి. జ్వరంగా ఉందని బస్సెక్కించి ఇంటికి పంపేయడం పెద్ద పొరపాటు. బస్సులో వాళ్ళకి, ఇంట్లో పసివాళ్ళకి జబ్బును మనమే మోసుకెళ్ళి ఇచ్చినట్టు అవుతుంది.

ఆ తర్వాత టీకా. వైరస్ సోకిన 72 గంటల లోపల టీకా పడితే జబ్బును ఆపే అవకాశం ఉంది. టీకా వైరస్ అసలు వైరస్ కంటే తొందరగా ఒంటికి పాఠం చెబుతుంది. 72 గంటలు దాటితే ఈ విడతలో పట్టుకోవడం కష్టం. అయినా వేస్తారు, తర్వాతి విడతలకు అడ్డు పడడానికి. ఎవరెవరికి వేయాలో అక్కడి జబ్బు తీరు చూసి నిర్ణయిస్తారు. 2022లో ముంబైలో, మహారాష్ట్రలో ఇంకొన్ని చోట్ల తట్టు లేచినప్పుడు, అలాంటి ప్రాంతాల్లో 9 నెలల నుంచి 5 ఏళ్ళ పిల్లలకు, ముందు సూదులు పడినా సరే, ఇంకో మోతాదు అదనంగా ఇవ్వమని కేంద్రం చెప్పింది. తొమ్మిది నెలల లోపు పసివాళ్ళలో జబ్బు ఎక్కువగా ఉన్న చోట ఆరు నెలలకే ఒకటి ఇవ్వమంది. ఆ ఒకటి లెక్కలోకి రాదు, తర్వాత మామూలు రెండూ వేయించాలి.

రోగికి ఎ విటమిన్ ద్రవం రెండు మోతాదులు, ఈ రోజు ఒకటి, రేపు ఒకటి ఇస్తారు. వయసును బట్టి కొలత మారుతుంది కాబట్టి అది ఆరోగ్య సిబ్బందే ఇవ్వాలి. దీనివల్ల కళ్ళు కాపాడబడతాయి, చావులు తగ్గుతాయి. వైరస్‌ను చంపే మందు మాత్రం లేదు. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగిరినా, నీళ్ళు తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చివరి కేసు తర్వాత 42 రోజులు కొత్తది రాకపోతేనే ఆగిపోయినట్టు. ఒకరి నుంచి ఒకరికి అంటి బయటపడడానికి ఎక్కువలో ఎక్కువ 21 రోజులు. దానికి రెండింతలు ఆగి చూస్తారు.

వేపమండ, ఎర్ర గుడ్డ

మన ఊళ్ళల్లో తట్టు వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. బయటి వాళ్ళు లోపలికి రారు. ఇంట్లో వాళ్ళు ఊళ్ళు తిరగరు. ఆలోచిస్తే ఇది మన పెద్దవాళ్ళు కనిపెట్టిన విడి గది. దాన్ని ఎగతాళి చేయకండి. కానీ రెండు విషయాలు మార్చుకోవాలి. ఒకటి, పథ్యం పేరుతో తిండి తగ్గించడం. తట్టు బిడ్డకు తిండి, నీళ్ళు, తల్లి పాలు ఎక్కువే కావాలి. రెండు, మండలు కట్టాక ఆసుపత్రికి చెప్పకపోవడం. చెప్పకపోతే ఎ విటమినూ అందదు, పక్క ఇంటి పసివాడికి 72 గంటల సూదీ అందదు.

తేడా చూడండి. వేపమండ ఇంట్లో జబ్బు ఉందని చెబుతుంది. సమోవాలో కట్టిన ఎర్ర గుడ్డ ఇంట్లో సూది పడని మనిషి ఉన్నాడని చెప్పింది. మొదటిది జబ్బు వచ్చాక కట్టేది. రెండోది జబ్బు రాక ముందే కట్టుకోదగ్గది.

మరి మన ఎర్ర గుడ్డలు ఎక్కడ కట్టాలి? మన రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ళ పిల్లలందరికీ బళ్ళలో ఎం.ఆర్. టీకా వేశారు. పై తరగతుల వాళ్ళలో చాలా మందికి అప్పుడు పడి ఉంటుంది. అప్పుడు పుట్టనివాళ్ళకు అది పడలేదు. తర్వాత 2020, 2021లో కరోనా వచ్చింది. ఆ 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 2 కోట్ల 50 లక్షల మంది పిల్లలకు తట్టు మొదటి సూదే పడలేదు. ఆ ఏళ్ళలో మన గూడేల్లో పుట్టినవాళ్ళు ఇప్పుడు మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. బడికి వచ్చే వయసు.

దూరపు గూడేల్లో సూది తప్పడానికి ఇంకో కారణం ఉంది. పొడిని నీటి మందుతో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. ఒక సీసాలో ఐదుగురికో పదిమందికో సరిపడా ఉంటుంది. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలనేదే నియమం. కానీ "మిగతాది వృథా అవుతుంది, వచ్చే నెల రండి" అంటే, వచ్చే నెల ఆ తల్లి పోడు పనికి వెళ్ళిపోతుంది. సూది అంతటితో తప్పిపోతుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు కార్డు తీసి చూడండి. ఎం.ఆర్. 1, ఎం.ఆర్. 2 అని రెండు గళ్ళు ఉంటాయి. రెండిట్లోనూ తేదీ ఉండాలి. ఒక గడి ఖాళీగా ఉంటే, కార్డే లేకపోతే ఆ పేరు కాగితం మీద రాసుకుని నర్సమ్మ గారికి ఇవ్వండి. కార్డు పోయిందని ఇంకో సూది పడితే హాని లేదు. మీ పేరు ఉన్నా రాయండి.

చదివినవాళ్ళకు మూడు ప్రశ్నలు

1. ఏటా 100 మంది పుట్టే ఏరియాలో 95 మందికి మొదటి సూది, ఆ 95 మందికీ రెండోది పడింది. రక్షణ లేనివాళ్ళు ఏడాదికి ఎంతమంది? వాళ్ళు 100 మంది కావడానికి ఎన్నేళ్ళు పడుతుంది?

2. ఒకరికి జనవరి 10న దద్దురు వచ్చింది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఇతరులకు అంటుతుంది?

3. ఒక ఊళ్ళో అందరికీ ఒక్కో సూది పడింది. అయినా తట్టు ఎందుకు తిరగగలదు?

జవాబులు: 1. మొదటి సూది పని చేయనివాళ్ళు సుమారు 14 మంది. రెండోదానితో 13 మంది దాకా బయటపడతారు, మిగిలేది ఒకరు. అసలు పడనివాళ్ళు 5. మొత్తం సుమారు 6 మంది. 100 కావడానికి 16 ఏళ్ళకు పైనే పడుతుంది. నూటికి 80, 60 ఉన్నప్పుడు నాలుగేళ్ళే పట్టింది కదా! 2. జనవరి 6 నుంచి 14 దాకా. 3. ఒక సూదితో రక్షణ 85 మందికే, కావలసింది 94.